ప్రసంగం మధ్యలో ఎవరైనా అడ్డు తగిలితే ఏమనాలి, ఎలా అనాలి

ఉపన్యాసం ఎలా తయారు చేసుకోవాలని అడిగేవాళ్లకన్నా, మాట్లాడుతుండగా వెనక నుంచి ఎవరైనా అరిస్తే ఏం చేయాలని అడిగేవాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు. అందరి గోడూ ఒకటే: "ఆ సమయానికి నోరు పెగలదండీ, తగిన జవాబు రాత్రి మంచమెక్కాక తడుతుంది." నిజానికి వేదిక మీద అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే చమత్కారాల్లో చాలావాటిని వక్తలు ఇంట్లోనే కూర్చి ఉంచుకుంటారు. అడ్డు తగిలేవాళ్లు అనే మాటలు ఏ ఊళ్లోనైనా ఓ పది రకాలకు మించవు కాబట్టి అలా కూర్చుకోవడం కష్టమేమీ కాదు.

ఈ పనికి మన భాషలో ఒక బడి ఎప్పటి నుంచో ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరిని అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబెడతారు. అవధాని ఒక పక్క సమస్యను పూరిస్తూ, మరో పక్క వద్దన్న అక్షరాలను తప్పించుకుంటూ పద్యం చెప్పే నిషిద్ధాక్షరికి అక్షరం తర్వాత అక్షరం వెతుక్కుంటూ ఉంటే, ఆయన ధ్యాస చెదరగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలు వేయడమే ఆ పృచ్ఛకుడి పని. ఈసారి అవధానం చూసినప్పుడు అవధాని ఇచ్చే జవాబును మాత్రమే వినకుండా, జవాబు అయిన మరుక్షణం ఆయన ఏం చేస్తున్నారో గమనించండి. సభ నవ్వుతుండగానే ఆయన తాను వదిలిన పాదం దగ్గరికి వెళ్లిపోతారు. ప్రసంగంలో మీరు నేర్చుకోవలసింది అదే. అడ్డు తగిలినవారిని ఓడించడం మీ పని కాదు, ఆగిన వాక్యం దగ్గరికి త్వరగా తిరిగి చేరడం మీ పని. కింద చెప్పిన అంచెలన్నీ అందుకోసమే.

కావలసినవి

అరచేతిలో ఇమిడే అట్టముక్క ఒకటి కావాలి. ఒక వైపు మీ ప్రసంగంలోని ముఖ్యాంశాలను మూడు నాలుగు వరసల్లో, రెండో వైపు మీరు కూర్చుకున్న మాటలను అయిదారు రాసుకోండి. పెద్ద కాగితాలు వద్దు, చెయ్యి వణికితే అవి గలగలమని మైకులో వినిపిస్తాయి. ఎదురుగా బల్ల మీద గ్లాసుడు నీళ్లు ఉండాలి. ఇవి దాహం కోసం ఎంతో, మూడు క్షణాలు మౌనంగా ఉండటానికి ఒక సాకుగా కూడా అంతే. సాధనకు మీ ప్రసంగాన్ని చెడగొట్టడానికి సిద్ధపడే స్నేహితుడు ఒకరు, రికార్డు చేసుకోవడానికి ఫోను ఉంటే చాలు.

1. వేదిక ఎక్కక ముందే సభాధ్యక్షులతో మాట్లాడుకోండి

సభను అదుపులో పెట్టే అధికారం అధ్యక్షులది, వక్తది కాదు. ఈ ఒక్క సంగతి మరచిపోవడం వల్లే సగం రభసలు ముదురుతాయి. కాబట్టి సభకు పది నిమిషాల ముందు వారిని కలిసి మూడు విషయాలు తేల్చుకోండి: ప్రశ్నలకు చివర్లో సమయం ఇస్తారా, ఇస్తే ఎంత, ఎవరైనా పదే పదే అడ్డు తగిలితే ముందుగా లేచేది ఎవరు, మీరు వారివైపు తిరిగి "అధ్యక్షా" అని పిలిస్తే వారు మైకు అందుకుంటారా. ప్రశ్నలకు సమయం ఉందని తెలిస్తే ప్రసంగం మొదట్లోనే ఇలా అనండి: "నేను ఇరవై నిమిషాలు మాట్లాడతాను, ఆ తర్వాత పది నిమిషాలు మీవి." ఈ వాక్యం ముందే అని ఉంటే, తర్వాత "ప్రశ్నలు చివర్లో" అన్నప్పుడు అది తప్పించుకోవడంగా అనిపించదు. మధ్యలో మొదటిసారి అంటే మాత్రం తప్పకుండా అలాగే అనిపిస్తుంది.

2. అరుపు వినగానే ఆగండి, ఆగిన మాటను పట్టుకోండి

అరుపు మీద అరిచి మాట్లాడటానికి ప్రయత్నించకండి. మైకు మీ దగ్గర ఉంది కనుక గెలుస్తారు, కానీ మీ గొంతు స్పీకరు పెట్టెల్లోంచి చీలి వినిపిస్తుంది, మీకు కోపం వచ్చిందని సభకు తెలిసిపోతుంది. వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఆగిపోండి. ఆగినప్పుడు మీ నోటి నుంచి చివరగా వచ్చిన మాటేమిటో మనసులో ఒకసారి అనుకుని, చేతిలోని అట్టముక్క మీద మీరున్న అంశం దగ్గర బొటనవేలు ఆనించండి. తర్వాత నెమ్మదిగా రెండు అంకెలు లెక్కపెట్టండి.

బొటనవేలు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ నేను నేర్పినవాళ్లలో దీన్ని వదిలేసినవాళ్లందరూ ఒకే చోట జారిపడ్డారు. జవాబు బ్రహ్మాండంగా చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఆ తర్వాత "ఎక్కడున్నాం మనం?" అని సభనే అడగవలసి వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నతో చప్పట్లు తెచ్చినదంతా చేజారిపోతుంది.

3. అది ఎలాంటి అడ్డో తేల్చుకోండి

లెక్కపెట్టే ఆ రెండు అంకెల్లో చేయవలసిన పని ఇది. వెనక నుంచి వచ్చిన ప్రతి అరుపూ దాడి కాదు. "వినపడటం లేదు" అన్నవారు మీకు ఉపకారం చేస్తున్నారు. "అది తప్పు" అన్నవారు ఒప్పు చెబుతున్నారేమో తెలియదు. "మా ఊరికి ఏం చేశారు" అన్నవారి దగ్గర ఒక బాధ ఉంది. "ఇక చాలు, భోజనాలు పెట్టండి" అన్నవారు సరదాకు అన్నారు, పైగా బహుశా సభలో సగం మంది మనసులో మాటే అన్నారు. తాగి వచ్చినవారికి, ముందే అనుకుని నినాదాలకు వచ్చిన గుంపుకు మాత్రమే మాటతో పని జరగదు. ఆ ఇద్దరికీ చమత్కారం వాడకూడదు.

దీన్ని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక గ్రంథాలయ సభలో మాట్లాడుతుంటే, చివరి వరుసలో ఒక పెద్దాయన "గట్టిగా చెప్పవయ్యా" అన్నారు. నేను వెంటనే "చెవులు ఇటు పెడితే వినపడుతుంది పెద్దాయనా" అన్నాను. ముందు అయిదు వరుసలు గొల్లుమన్నాయి. వెనక వరుసల్లో ఒక్కరూ నవ్వలేదు. వాళ్లకు కోపం వచ్చి నవ్వలేదనుకున్నాను, అసలు సంగతి అది కాదు. వెనక గోడకు కట్టిన స్పీకరు పెట్టె మొదటి నుంచీ పలకడం లేదు, వాళ్లకు నా పరిహాసం కూడా వినపడలేదు. సభ అయ్యాక ఆ పెద్దాయనే వచ్చి తీగ ఊడిన చోటు చూపించారు. అందుకే ఇప్పుడు "వినపడటం లేదు" అన్న మాటకు నా జవాబు ఒకటే: "ఇప్పుడు వినపడుతోందా? వెనక వరుసవారు చెయ్యెత్తి చెప్పండి." చేతులు లేచేదాకా ముందుకు వెళ్లను.

4. జవాబు అక్కర్లేని వాటికి జవాబు ఇవ్వకండి

ఒక మాట అని ఊరుకున్నవారిని, పక్కనున్నవారికే వినిపించేంత గొంతుతో గొణిగినవారిని వదిలేయండి. పరీక్ష సులువు: తలలు ఎటు తిరిగాయో చూడండి. నాలుగైదు తలలు తిరిగి మళ్లీ మీవైపు వచ్చేస్తే ప్రసంగం సాగించవచ్చు. సభ సభంతా వెనక్కి తిరిగి చూస్తుంటే మాత్రం మీరు పట్టించుకోనట్టు నటించడం కుదరదు. అందరూ చూసినదాన్ని మీరొక్కరే చూడనట్టు ఉంటే బెదిరారని అనుకుంటారు.

5. ఆ మాటను మీ మాటల్లో మైకులో చెప్పండి

అడ్డు తగిలినవారి దగ్గర మైకు లేదు. వారన్నది ముందు వరుసలవారికి సగం, పక్కవారికి పూర్తిగా, మిగిలినవారికి గోలగా మాత్రమే వినిపిస్తుంది. మీరు నేరుగా జవాబిస్తే, ప్రశ్న తెలియని జవాబు అవుతుంది. కాబట్టి దాన్ని ఒక్క వాక్యంలో, తిట్టును తీసేసి, అర్థాన్ని ఉంచి చెప్పండి. "దొంగ కబుర్లు చెప్పకు, పోయినేడు చెప్పిన రోడ్డేదీ?" అని అరిస్తే, "పోయినేడు అనుకున్న రోడ్డు సంగతేమైందని అడుగుతున్నారు" అనండి. ఇందులో రెండు లాభాలున్నాయి. అడిగినవారికి తన మాట చేరిందన్న తృప్తి కలుగుతుంది. మీకు జవాబు కోసం నాలుగైదు క్షణాలు దొరుకుతాయి.

హెచ్చరిక: తిట్టును తీసేయాలి కానీ ప్రశ్నను మెత్తబరచకూడదు. "రోడ్డేదీ" అన్న ప్రశ్నను "అభివృద్ధి గురించి అడుగుతున్నారు" అని మార్చారంటే సభ మొత్తానికీ మోసం కనిపిస్తుంది, అరిచినవారి పక్షాన ఇంకో పది గొంతులు లేస్తాయి.

6. కూర్చుకున్న మాటను అనండి

ఒక మంచి మాట ఒక ఊపిరిలో అయిపోవాలి, చివర మిమ్మల్ని మీ అంశం వైపు తిప్పాలి. ఆ చివరి ముక్కను నేను తిరుగుమాట అంటాను. తిరుగుమాట లేని చమత్కారం ఎదుటివారికి మరో అవకాశం ఇచ్చినట్టే, వారు దానికి జవాబు చెబుతారు, మీరు మళ్లీ చెప్పాలి, ఇక అది ఇద్దరి మధ్య సంవాదమై కూర్చుంటుంది. కింద ఇచ్చినవి నేను వాడి చూసినవి. ఉన్నవి ఉన్నట్టుగా కాకుండా మీ నోటికి, మీ ఊరి యాసకు తగినట్టు మార్చుకోండి.

*"సోది ఆపవయ్యా" అన్నప్పుడు:* "సోదైనా చివరిదాకా వింటేనే కదండీ ఫలం తెలిసేది! ఇంకో అయిదు నిమిషాల్లో ఫలం చెబుతాను." ఈ మాటకు బలం ఏమిటంటే, ఎదుటివారు విసిరిన రాయినే మీరు చేత్తో పట్టుకుని పక్కన పెడుతున్నారు, తిరిగి విసరడం లేదు. నవ్వు మీ మీదే ఉంటుంది. అయిదు నిమిషాలన్నారు కనుక గడియారం చూసుకుని అయిదు నిమిషాల్లో ముగించాలి.

*"ఇక చాలు, భోజనాలు" అన్నప్పుడు:* "నాకూ ఆ వాసన ఇక్కడిదాకా వస్తోంది. రెండే మాటలు చెబుతాను, మూడోది మొదలుపెడితే మైకు లాక్కోండి." తర్వాత నిజంగా రెండే చెప్పండి. వేలు చూపి "ఒకటి" అని మొదలుపెడితే సభ లెక్క చూస్తూ వింటుంది, ప్రసంగం మొత్తంలో బాగా విన్న భాగం అదే అవుతుంది.

*"అది తప్పు" అన్నప్పుడు:* చమత్కారం వద్దు. "ఏది తప్పో చెప్పండి, సరిచేసుకుంటాను." వారు చెప్పినది సరైనదైతే "మీరన్నదే సరి, నేను పొరపాటు పడ్డాను" అని, సరైన సంగతిని మైకులో మీరే పలికి, ముందుకు వెళ్లండి. ఎవరిది సరో మీకు తెలియకపోతే: "ఈ సంగతి ఇప్పుడే తేల్చడానికి నా దగ్గర పుస్తకం లేదు. సభ అయ్యాక ఇద్దరం చూద్దాం. అయినా నేను చెప్పబోయేది ఆ ఒక్క అంకె మీద ఆధారపడలేదు." చివరి వాక్యం నిజమైతేనే అనండి.

*"చెప్పడానికి నువ్వెవరు?" అన్నప్పుడు:* "పిలిస్తే వచ్చినవాణ్ణండీ. నా సంగతి పక్కన పెట్టి, చెప్పేది పనికొస్తుందో లేదో చివర్లో తేల్చండి." ఇక్కడ మీ చదువు, పదవి, అనుభవం ఏకరువు పెట్టడం మొదలుపెడితే ఆ ప్రశ్న గెలిచినట్టే.

*ఫోను మోగినప్పుడు:* "మా ఇంటి నుంచైతే, బయలుదేరానని చెప్పండి." అంతటితో వదిలేయండి. ఫోను యజమాని అప్పటికే సిగ్గుతో సంచి వెతుక్కుంటూ ఉంటారు, వారి వైపు చూస్తూ నిలబడకండి.

*పసిబిడ్డ ఏడ్చినప్పుడు:* చాలామంది ఇక్కడ ఏదో ఒకటి అనబోతారు. అనకపోవడమే మేలు. ఏమన్నా ఆ తల్లికే తగులుతుంది, ఆమె లేచి వెళ్లిపోతుంది. గొంతు కొంచెం తగ్గించి, మెల్లగా సాగించండి. ఆమె లేవబోతే "కూర్చోండమ్మా, పర్వాలేదు" అంటే చాలు.

మన సభలకే ప్రత్యేకమైన అడ్డు ఇంకొకటుంది. మీరు మంచి పట్టులో ఉండగా ముఖ్య అతిథి పరివారంతో వస్తారు, ముందు వరుసలు లేచి నిలబడతాయి, ఎవరో దండ తెస్తారు, ఫొటోగ్రాఫరు మీకూ సభకూ మధ్య నిలబడతాడు. దీనితో పోరాడకండి. మైకు ముందు నుంచి ఒక అడుగు పక్కకు జరిగి, మీరూ నమస్కారం చేసి, శాలువా కప్పడం కూడా అయ్యేదాకా ఆగండి. అందరూ కూర్చున్నాక: "వారికి స్వాగతం. వారు రాకముందు మనం ఒక ప్రశ్న దగ్గర ఆగాం. ఆ ప్రశ్న ఇది." ఇలా ఒక్క వాక్యంలో అంశాన్ని మళ్లీ చెప్పడం వల్ల వచ్చినవారికి సంగతి తెలుస్తుంది, ఉన్నవారికి తెగిన దారం దొరుకుతుంది. నిర్వాహకులు "సమయం అయిపోయింది" అని చీటీ పంపినప్పుడు కూడా దాన్ని దాచుకుని చదవకండి, అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. "చీటీ వచ్చింది, చివరి మాటకు వస్తున్నాను" అని నిజంగా రండి.

7. పిలుపు విషయంలో జాగ్రత్త

తెలుగులో మాటకన్నా ముందు పిలుపు తగులుతుంది. మీకన్నా పెద్దవారిని "పెద్దాయనా" అనడం ఒక ఊళ్లో మర్యాద, మరో చోట ముసలితనాన్ని ఎత్తి చూపడం. కుర్రవాణ్ణి మైకులో "బాబూ" అన్నా, "తమ్ముడూ" అన్నా చాలాసార్లు వెటకారంగానే వినిపిస్తుంది, అతని స్నేహితులు నవ్వితే అతను ఇక కూర్చోడు. తెలంగాణలో "అన్నా" వయసుతో పెద్దగా సంబంధం లేకుండా నప్పుతుంది. కోస్తా పల్లెల్లో "బాబాయ్" అనేటంత చనువు మీకు నిజంగా ఉంటేనే అనండి. స్త్రీలను "అమ్మా" అనడం ఎక్కడైనా నడుస్తుంది. అనుమానంగా ఉంటే పిలుపు మానేసి "మీరు అడిగినది" అని మొదలుపెట్టండి. అవతలివారు "నువ్వు" అన్నా మీరు "మీరు" దగ్గరే ఉండిపోండి. ఆ తేడాను సభ గమనిస్తుంది, దాన్ని మీరు ఎత్తి చూపవలసిన పని లేదు.

8. చూపు తిప్పండి

జవాబు మొదలుపెట్టినప్పుడు అడ్డు తగిలినవారిని చూడండి, తిరుగుమాట దగ్గరికి వచ్చేసరికి మీ చూపు సభలో ఎదుటి మూలకు, ఏమీ అనని ఎవరి మీదికైనా చేరాలి. వారినే చూస్తూ జవాబు ముగిస్తే, ఇప్పుడు మీ వంతు అని చెప్పినట్టు అవుతుంది. మనం ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు చేసేది అదే కనుక, వేదిక మీద కూడా తెలియకుండానే చేస్తాం. వెంటనే బొటనవేలు ఉన్న చోటు చూసి, ఆగిన వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చెప్పండి. సగం నుంచి అందుకోకండి, ఆ సగం ఎవరికీ గుర్తుండదు.

9. రెండోసారి, మూడోసారి

మొదటిసారికి మాట చాలు. అదే మనిషి రెండోసారి అడ్డు తగిలితే చమత్కారం మానేసి సాదాగా చెప్పండి: "మీరడిగినది రాసుకున్నాను, చివర్లో మొదటి ప్రశ్న మీదే." అన్నాక, అందరికీ కనిపించేలా అట్టముక్క మీద నిజంగా రాయండి. మూడోసారికి మీ పని అయిపోయింది. మైకు నుంచి తల తిప్పి, "అధ్యక్షా, ఎలా చేద్దామంటారు?" అని కూర్చోకుండా నిలబడే ఉండండి. కూర్చుంటే ప్రసంగం అయిపోయిందని అనుకుంటారు. తాగినవారు, నినాదాల గుంపు అయితే మొదటిసారే ఈ అంచెకు వచ్చేయండి. ఎవరైనా వేదిక వైపు కదిలితే, ఏదైనా విసిరితే, ఇక మాటల గురించి ఆలోచించకుండా మైకు వదిలి వెనక్కి జరగండి.

ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం

ఒక పల్లెలో చెరువు పూడిక తీయడం గురించి సభ జరుగుతోందని, మీరు మాట్లాడుతున్నారని అనుకుందాం. "పోయిన వానాకాలంలో వచ్చిన నీళ్లు ఎక్కువ రోజులు నిలవకపోవడానికి కారణం" అంటుండగా వేపచెట్టు కింద నిలబడ్డ ఒక రైతు కేకేస్తాడు: "ఈ కబుర్లు పోయినేడూ చెప్పారు! చెరువులో చుక్క లేదు!" అందరూ అటు తిరిగారు. అంటే పట్టించుకోవాలి.

మీరు ఆగుతారు. "కారణం" అన్న మాట మనసులో పెట్టుకుంటారు, బొటనవేలు రెండో అంశం మీద ఉంటుంది. రెండు అంకెలు అయ్యేలోపు ఇది సరదా కాదని, అందులో బాధ ఉందని, పైగా నిజం ఉందని తేలుతుంది. కాబట్టి చమత్కారం పనికిరాదు. మైకులో ఇలా అంటారు: "పోయినేడు కూడా ఇలాగే చెప్పారు, చెరువులో మాత్రం నీళ్లు లేవంటున్నారు." ఇది అడిగినదాన్ని సభకు అందించడం. "నీళ్లు లేవన్నది నిజం. పొద్దున కట్ట మీద నిలబడి చూసే ఇక్కడికి వచ్చాను." ఇది నిజాన్ని ఒప్పుకోవడం. నిజంగా చూసి ఉంటేనే ఈ మాట అనగలరు, అందుకే సభకు ముందు కట్ట దాకా వెళ్లి రావడం కూడా తయారీలో భాగమే. "ఆ నీళ్లు తూము దగ్గర ఎలా పోతున్నాయో ఇప్పుడు చెప్పబోతున్నాను." ఇది తిరుగుమాట. ఇది అంటున్నప్పుడు చూపు వేపచెట్టు నుంచి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు వస్తుంది. వెంటనే ఆగిన వాక్యం మొత్తం: "పోయిన వానాకాలంలో వచ్చిన నీళ్లు ఎక్కువ రోజులు నిలవకపోవడానికి కారణం తూము తలుపు."

నెమ్మదిగా మాట్లాడినా ఇదంతా ఇరవై క్షణాలకు మించదు. ఆ రైతు మళ్లీ "తూము సంగతి మాకు తెలీదా" అంటే: "మీకే బాగా తెలుసు. నేను చెప్పాక, తప్పు పోయిన చోట మీరే చెప్పాలి, మొదటి ప్రశ్న మీదే." చివర్లో మొదటి ప్రశ్న ఆయనకే ఇవ్వండి. ఇవ్వకపోతే ఇప్పటిదాకా చేసినదంతా నటన అయిపోతుంది, ఆ ఊళ్లో మీరు రెండోసారి మాట్లాడలేరు.

ఇదే చోట "చుక్క కోసమైతే సాయంత్రం ఎటు వెళ్లాలో మీకు తెలుసుగా" అని ఎవరైనా వక్త అనవచ్చు. నవ్వు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఎండిన చెరువు గురించి అడిగిన రైతును తాగుబోతును చేసినట్టు అవుతుంది. నవ్వినవాళ్లే ఇంటికి వెళ్తూ ఆ మాట తప్పని అనుకుంటారు.

సాధన

మాటలను కళ్లతో చదివి గుర్తుపెట్టుకుంటే వేదిక మీద రావు, నోటితో పైకి అని ఉండాలి. స్నేహితుణ్ణి గది చివర కూర్చోబెట్టి, ఆయనకు పైన చెప్పిన అరుపుల్లో ఆరింటిని చీటీ మీద రాసి ఇచ్చి, పది నిమిషాల ప్రసంగంలో తనకు తోచిన మూడు చోట్ల వాటిలో ఏవైనా మూడు అరవమనండి. ఏది ఎప్పుడు వస్తుందో మీకు తెలియకూడదు. మొదటి రోజున చాలామంది జవాబు చెప్పాక వాక్యం మరచిపోతారు. అప్పుడు జవాబులను మానేసి, ఆగడం, బొటనవేలు పెట్టడం, వాక్యాన్ని మళ్లీ మొదలుపెట్టడం మాత్రమే ఒకటి రెండు సార్లు చేయండి. అది కుదిరాక మాటలు చేర్చండి. తోడు ఎవరూ దొరకకపోతే, ఫోనులో ఆ అరుపులను మీరే మధ్య మధ్య ఎడమిచ్చి రికార్డు చేసి, అది మోగుతుండగా మాట్లాడండి. తోడున్నంత బాగుండదు కానీ పని జరుగుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది, మొదటి నవ్వు రుచి మరిగి రెండో మాట అనడం. మొదటి మాటకు సభ మీ పక్షాన ఉంటుంది. రెండో మాటకు మైకు ఉన్న మనిషి మైకు లేని మనిషిని ఆడుకుంటున్నాడనిపిస్తుంది, జాలి అటు వెళ్తుంది. నవ్వు ఇంకా తగ్గకముందే వాక్యం అందుకోవడమే దీనికి మందు.

రెండోది, మనిషిని పట్టుకోవడం. రూపం, బట్టలు, యాస, కులం, ఊరు, వయసు, తాగుడు వీటిలో దేనినీ ముట్టుకోకండి. అన్న మాటకే జవాబు చెప్పాలి. అవధానంలో పృచ్ఛకుడు పిలిస్తే వచ్చి కూర్చున్నవాడు, ఆట అని ఇద్దరికీ తెలుసు, కాబట్టి అక్కడ కొంచెం ఘాటు చెల్లుతుంది. ఎండలో నిలబడి కేకేసినవారికి ఆ ఒప్పందం లేదు.

మూడోది, దొంగ వినయం. "మీ ప్రశ్న చాలా గొప్పది" అని తిట్టిన మనిషితో అంటే ఎవరూ నమ్మరు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ప్రసంగాన్ని రికార్డు చేసుకుని ఉంటే, అరుపు విన్న చోటి నుంచి మీరు ఆగిన వాక్యాన్ని తిరిగి మొదలుపెట్టిన చోటిదాకా ఎన్ని క్షణాలు పట్టిందో లెక్కపెట్టండి. సరదా మాటకు పది క్షణాల లోపు, బాధ ఉన్న ప్రశ్నకు అర నిమిషం లోపు తిరిగి వచ్చి ఉంటే బాగా చేసినట్టే. ఇవి నేను నాకోసం పెట్టుకున్న కొలతలు, మీకు నప్పినట్టు మార్చుకోవచ్చు. తిరిగి వచ్చాక మీ గొంతు ముందున్న స్థాయిలోనే ఉందా, పెరిగిందా వినండి. పెరిగి ఉంటే, మాట చల్లగా వచ్చినా లోపల వేడి తగ్గలేదని అర్థం. అక్కడ నీళ్లు తాగి ఉండవలసింది.

మర్నాడు సభకు వచ్చిన ఒకరికి ఫోను చేసి, మీరేం చెప్పారో అడగండి. తూము తలుపు గురించి చెబితే సరిపోయింది. "అబ్బ, వాడికి భలే సమాధానం ఇచ్చారండీ" అని మాత్రమే అంటే, ప్రసంగం పోయింది, చమత్కారం మిగిలింది. ఆ మాటను మీ అట్టముక్క మీద కొట్టేసి, దాని స్థానంలో కొంచెం తక్కువ నవ్వు వచ్చేది రాసుకోండి. బాగా పేలిన మాట పక్కన ఏ ఊళ్లో వాడారో కూడా రాసి పెట్టుకోండి, ఆ ఊళ్లో మళ్లీ అదే మాట అంటే సభ మీకన్నా ముందే దాన్ని పూర్తి చేస్తుంది.